శాఖలున్న వ్యాపారం: కేంద్ర ఖాతా, స్థానిక ఖాతాలు

ఒకే పేరుతో పలు ఊళ్లలో, లేదా ఒకే నగరంలోని పలు పేటల్లో దుకాణాలు నడిపే వ్యాపారం సోషల్ మీడియాలో రెండు రకాలుగా కనిపించవచ్చు. అన్ని శాఖల తరఫునా ఒకే ఖాతా నడపడం మొదటి పద్ధతి. దీన్ని కేంద్ర ఖాతా అంటారు. ప్రతి శాఖకూ విడిగా ఒక ఖాతా తెరవడం రెండోది. వీటిని స్థానిక ఖాతాలు అంటారు. బట్టల దుకాణాలు, మిఠాయి దుకాణాలు, హోటళ్లు, ల్యాబులు, కోచింగ్ సెంటర్లు రెండో శాఖ తెరిచిన రోజునుంచే ఈ ఎంపిక చేసుకోవాల్సి వస్తుంది.

ఖాతాలన్నీ ఒకే పని చేయవు కాబట్టి ఈ ఎంపికను మొత్తానికి ఒకేసారి చేయడం కుదరదు. దుకాణం ఎక్కడుంది, ఎప్పుడు తెరుస్తారు అని చెప్పడం ఒక పని. సరుకు గురించి, పండుగల గురించి, సంస్థ గురించి చెప్పడం మరొకటి. అడిగినవారికి బదులివ్వడం ఇంకొకటి. ఏ పని కేంద్రానికి, ఏ పని శాఖకు అన్నది విడివిడిగా తేల్చుకుంటే ఖాతాల సంఖ్య దానంతటదే తేలుతుంది.

## చిరునామా ఖాతాలు

గూగుల్ మ్యాప్స్‌లో దుకాణం పేరు నొక్కితే కనిపించే వివరాల పుటను గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అంటారు. 2021 వరకు దీన్ని గూగుల్ మై బిజినెస్ అనేవారు. ఇది వ్యాపారానికి కాక, వ్యాపారం నడిచే చోటుకు చెందిన ఖాతా. జనం వచ్చిపోయే ప్రతి శాఖకూ ఒక్కో ప్రొఫైల్ ఉండాలన్నది గూగుల్ నియమం. అందువల్ల ఈ ఒక్కచోట కేంద్రమా, స్థానికమా అన్న ఎంపికే లేదు.

దీనికి కారణం వెతుకులాట జరిగే తీరులో ఉంది. దగ్గరలోని దుకాణాల కోసం ఎవరైనా వెతికినప్పుడు ఫలితాల వరుసను మూడు అంశాలు నిర్ణయిస్తాయని గూగుల్ చెబుతుంది: అడిగినదానికి ఆ దుకాణం ఎంత సరిపోతుంది, అది ఎంత దూరంలో ఉంది, దానికి ఎంత పేరుంది. వీటిలో దూరం శాఖను బట్టి మారుతుంది. కూకట్‌పల్లిలో నిలబడి వెతికే మనిషికి దిల్‌సుఖ్‌నగర్ శాఖ ప్రొఫైల్ అక్కరకు రాదు. రివ్యూలు కూడా శాఖవారీగానే చేరతాయి. రెండు శాఖలు ఒకే ప్రొఫైల్ కింద నడిస్తే ఏ దుకాణంలో సరుకు బాగాలేదో, ఎక్కడ బిల్లు కౌంటర్ దగ్గర ఆలస్యమవుతోందో యజమానికి తెలిసే దారి మూసుకుపోతుంది.

ప్రొఫైళ్లు విడివిడిగా ఉన్నా వాటి నిర్వహణ ఒకేచోట ఉండవచ్చు. శాఖల ప్రొఫైళ్లన్నిటినీ ఒక గ్రూపు కిందకు చేర్చి ప్రధాన కార్యాలయం చూసుకునే వీలుంది. పది, అంతకు మించిన శాఖలుంటే అన్నిటినీ ఒకేసారి ధ్రువీకరించుకోవడానికి దరఖాస్తు చేయవచ్చు. అంతకంటే తక్కువ శాఖలున్నవారు ఒక్కో ప్రొఫైల్‌ను విడిగా ధ్రువీకరించుకోవాలి.

పేరు విషయంలో తరచూ పొరపాటు జరుగుతుంది. ఒకే దేశంలోని అన్ని శాఖలకూ బోర్డు మీద ఉన్న పేరే, ఒకే రకంగా ఉండాలి. దాని పక్కన పేట పేరో, ‘బెస్ట్ స్వీట్స్’ వంటి మాటలో చేర్చడం నియమాలకు విరుద్ధం. పేట పేరు చిరునామా గడిలో ఉంటే చాలు. ఫోన్ గడిలో వీలైనంతవరకు ఆ శాఖ నంబరే ఇవ్వాలి.

## కేంద్ర ఖాతా

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, యూట్యూబ్ వంటి వేదికల మీద ఖాతా చోటుతో ముడిపడి ఉండదు. దాన్ని అనుసరించేవారు వరుసగా వచ్చే పోస్టులు చూస్తారు. అసలు ఎంపిక ఉన్నది ఇక్కడే.

కేంద్ర ఖాతాకు ఉన్న మొదటి లాభం శ్రమ. మంచి ఫొటో తీయడానికి, రీల్ కత్తిరించడానికి, తప్పుల్లేకుండా నాలుగు మాటలు రాయడానికి ఒక మనిషి, కొంత సమయం కావాలి. ఒకచోట ఆ శ్రమ పెడితే అన్ని శాఖలకూ పనికొస్తుంది. రెండో లాభం గుర్తింపు. బ్రాండు పేరు వెతికినవారికి ఒకే ఖాతా కనిపిస్తే అసలైనది ఏదన్న సందేహం రాదు. అదే పేరుతో దొంగ ఖాతా తెరిచి ముందస్తు డబ్బు వసూలు చేసేవారిని పసిగట్టడం కూడా సులువవుతుంది. శాఖల పేరుతో పది ఖాతాలు ఉన్నచోట పదకొండోది దొంగదని కొనుగోలుదారుకు తెలియదు.

శాఖలు ఒకదాన్నొకటి పోలనప్పుడు కేంద్ర ఖాతా ఇబ్బంది పడుతుంది. విశాఖ శాఖలో మాత్రమే దొరికే టిఫిన్ గురించి పోస్టు పెడితే మిగతా ఊళ్లవారికి అది ఉపయోగపడదు. అలాంటివి ఎక్కువైతే జనం చూడకుండా దాటేస్తారు. ఒక పోస్టును జనం ఎంత పట్టించుకున్నారన్నదాన్ని బట్టి తర్వాతి పోస్టులను ఎందరికి చూపించాలో వేదికలు నిర్ణయిస్తాయి కాబట్టి, ఒక ఊరి కబుర్లు మితిమీరితే అన్ని ఊళ్లలోనూ చేరిక తగ్గుతుంది. రెండో ఇబ్బంది బదులివ్వడంలో వస్తుంది. ‘గుంటూరులో ఇప్పుడు పూతరేకులు ఉన్నాయా’ అన్న ప్రశ్నకు కేంద్ర కార్యాలయంలో కూర్చున్నవారు శాఖకు ఫోన్ చేసి కనుక్కుంటే గాని బదులు చెప్పలేరు.

## స్థానిక ఖాతా

స్థానిక ఖాతా బలం దగ్గరితనంలో ఉంటుంది. దుకాణంలో పనిచేసేవారి ముఖాలు, ఆ వీధిలో జరిగే ఉత్సవం, ఆ రోజు పొయ్యి మీదనుంచి దిగిన సరుకు అక్కడివారికే తెలుస్తాయి. ప్రశ్నకు బదులు కూడా అక్కడే, అప్పుడే దొరుకుతుంది.

ఆ లాభం దక్కాలంటే రెండు షరతులు తీరాలి. మిగతా శాఖల్లో జరగనిది ఏదో ఆ శాఖలో క్రమం తప్పకుండా జరుగుతూ ఉండాలి. దాన్ని పోస్టు చేసి, వచ్చిన మెసేజ్‌లకు బదులిచ్చే మనిషి పేరు పెట్టి చెప్పగలిగేలా ఉండాలి. ‘అందరూ చూసుకుంటారు’ అన్న ఖాతాను కొన్ని వారాల తర్వాత ఎవరూ చూడరు. మొదటి షరతు తీరకపోతే ఖాతాలన్నీ ఒకే పోస్టును తిరగేసి పెడుతుంటాయి. రెండోది తీరకపోతే ఖాతా ఆగిపోతుంది. ఆరు నెలల కిందటి పోస్టు దగ్గర ఆగిన ఖాతాను చూసినవారు దుకాణం మూతపడిందేమో అనుకునే ప్రమాదం ఉంది. ఆ కారణంగా నడవని స్థానిక ఖాతా అసలు లేనిదానికంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

ఫ్రాంచైజీ పద్ధతిలో ఈ లెక్క మారుతుంది. శాఖ యజమాని వేరైతే ధరలు, ఆఫర్లు, ఒక్కోసారి సరుకుల పట్టిక కూడా వేరుగా ఉండవచ్చు. భారతదేశంలో మెక్‌డొనాల్డ్స్ రెస్టారెంట్లను రెండు వేర్వేరు సంస్థలు నడుపుతున్నాయి. తెలుగు రాష్ట్రాలతో సహా పశ్చిమ, దక్షిణ భారతం హార్డ్‌క్యాజిల్ రెస్టారెంట్స్ చేతిలో, ఉత్తర, తూర్పు భారతం కనాట్ ప్లాజా రెస్టారెంట్స్ చేతిలో ఉన్నాయి. ఒక సంస్థ ప్రకటించిన ఆఫర్‌ను రెండోది ఇవ్వాలన్న నియమం లేదు. ఇలాంటి ఏర్పాటులో ఒక్క ఖాతా ఇద్దరి తరఫునా మాట ఇవ్వలేదు. ఎవరు డబ్బు తీసుకుని ఎవరు సరుకు ఇస్తారో, ఆ మాట వారి ఖాతాలోనే రావాలి.

## మధ్యేమార్గాలు

రెండు కొసల మధ్య ఉపయోగపడే ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. ఇన్‌స్టాగ్రామ్ 2021లో తెచ్చిన కొల్లాబ్ సదుపాయంతో ఒకే పోస్టు రెండు ఖాతాల్లోనూ కనిపిస్తుంది. లైకులు, కామెంట్లు రెండింటికీ ఉమ్మడిగా ఉంటాయి. స్థానిక ఖాతా పెట్టిన మంచి పోస్టును కేంద్ర ఖాతా పంచుకోవడానికి ఇది అనువైన దారి. స్థానిక ఖాతా లేని శాఖలకు కేంద్ర ఖాతాలోనే ఒక్కో హైలైట్ కేటాయించి చిరునామా, వేళలు, ఫోన్ నంబరు అందులో ఉంచవచ్చు. ఫేస్‌బుక్‌లో ప్రధాన పేజీ కింద శాఖల పేజీలను చేర్చే ఏర్పాటు ఉంది.

పేటకే పరిమితమైన ప్రకటనకు స్థానిక ఖాతా అవసరం ఉండదు. కేంద్ర ఖాతానుంచే, దుకాణం చుట్టూ కొన్ని కిలోమీటర్ల వ్యాసార్ధంలో ఉన్నవారికి మాత్రమే కనిపించేలా డబ్బు చెల్లించి ప్రకటన ఇవ్వవచ్చు. శాఖ ప్రారంభోత్సవం, మొదటివారం తగ్గింపు వంటి వాటికి ఇది సరిపోతుంది. అప్పుడే తెరిచిన స్థానిక ఖాతాకు అనుసరించేవారే ఉండరు కాబట్టి ఆ కబురు అక్కడ పెడితే చేరేది చాలా కొద్దిమందికి.

వాట్సాప్‌ది వేరే కోవ. వాట్సాప్ బిజినెస్ ఖాతా ఒక ఫోన్ నంబరుకు కట్టుబడి ఉంటుంది. సరుకు ఉందా, ఎప్పటికి సిద్ధమవుతుంది వంటి ప్రశ్నలకు శాఖ నంబరు అవసరం. ఊరి బయటికి, విదేశాల్లోని తెలుగువారికి కొరియర్‌లో పంపే ఆర్డర్లు మాత్రం ఒకే నంబరుకు రావడం మేలు. ప్యాకింగ్, బిల్లు, రవాణా ఒకచోట జరిగే పని అది.

## ఎంపిక జరిగే తీరు: ఒక ఉదాహరణ

ఊహకే కట్టిన ఒక మిఠాయి దుకాణం లెక్కతో ఈ ఎంపిక స్పష్టమవుతుంది. దానికి ఆరు శాఖలున్నాయి: విజయవాడలో గవర్నర్‌పేట, వన్‌టౌన్, గుంటూరులో అరండల్‌పేట, విశాఖలో ద్వారకానగర్, హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్. విశాఖ శాఖలో మిఠాయిలతో పాటు పై అంతస్తులో టిఫిన్ హాలు కూడా ఉంది. ప్రతి శాఖలోనూ కుర్రాళ్లు ఒక ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరిచి వారానికి రెండు పోస్టులు పెడుతున్నారు.

మొదట చేయాల్సింది నాలుగు వారాల పోస్టులను కాగితం మీద రాసుకోవడం. ఆరు శాఖలు, వారానికి రెండు చొప్పున, మొత్తం 48 పోస్టులు. ఒక్కోదాని పక్కన ఒకటే ప్రశ్న వేసుకోవాలి: ఇది ఈ శాఖకు మాత్రమే చెందిన సంగతా, ఏ శాఖకైనా సరిపోయేదా? 36 పోస్టులు ఏ శాఖకైనా సరిపోయేవని తేలిందనుకుందాం. అరిసెలు, పూతరేకులు, ఆషాఢం సారె ప్యాకింగ్, రాఖీ బాక్సులు. వాటిని ఇంకాస్త పరికిస్తే అవి 36 సంగతులు కావు, తొమ్మిదే. ఒకే పూతరేకుల పెట్టెను నాలుగు శాఖలు నాలుగు రకాల వెలుతురులో ఫొటో తీసి పెట్టాయి. నాలుగు వారాలకు తొమ్మిది సంగతులంటే వారానికి రెండుమూడు పోస్టులు. ఒక మనిషి శ్రద్ధగా చేయగల పని ఇది.

మిగిలిన 12 పోస్టులు శాఖలకు సొంతమైనవి. వాటిని మళ్లీ రెండుగా విడదీయాలి. అందులో ఏడు వేళలకు, సెలవులకు సంబంధించినవి. పండుగ రోజుల్లో ఇంద్రకీలాద్రి రద్దీ వల్ల వన్‌టౌన్‌లో ట్రాఫిక్ మళ్లించినప్పుడు ఆ శాఖ వేళలు మారతాయన్నది అలాంటి కబురు. ఇది నిజంగా స్థానికమైనదే, అయినా దానికి తగిన చోటు ఇన్‌స్టాగ్రామ్ కాదు. బయల్దేరేముందు మనిషి చూసేది మ్యాప్‌ను కాబట్టి, గూగుల్ ప్రొఫైల్‌లో ఆ రోజులకు ప్రత్యేక వేళలు నమోదు చేయాలి. ఈ ఏడూ అక్కడికి పోతాయి.

ఇక మిగిలినవి అయిదు. వాటిలో నాలుగు విశాఖ టిఫిన్ హాలువి, ఒకటి గుంటూరుది. విశాఖలో వారానికి ఒకటి చొప్పున సొంత కబురు పుడుతోంది. ఆ హాలు మేనేజర్ ఖాతా చూసుకోగలరు. రెండు షరతులూ తీరాయి కాబట్టి విశాఖకు స్థానిక ఖాతా ఉంచడం సబబు. గుంటూరు కబురు కేంద్ర ఖాతాలో ఒక పోస్టుగా పడితే చాలు.

మెసేజ్‌లను కూడా ఇదే విధంగా వేరు చేయాలి. ‘తెరిచే ఉందా’, ‘ఎంత కిలో’, ‘ఈ పేటకు పంపుతారా’ అన్నవి ఎక్కువగా ఉంటే కేంద్ర ఖాతాలో తయారుగా ఉంచిన జవాబుతో పాటు శాఖల వాట్సాప్ నంబర్ల పట్టిక పంపితే సరిపోతుంది. ఒక శాఖలోని వంటకాల గురించో, బల్ల రిజర్వ్ చేసుకోవడం గురించో ప్రశ్నలు వస్తుంటే ఆ శాఖకు విడి ఖాతా కావాలన్నదానికి అది అదనపు ఆధారం.

చివరికి ఈ దుకాణానికి ఆరు గూగుల్ ప్రొఫైళ్లు, ఒక కేంద్ర ఇన్‌స్టాగ్రామ్ ఖాతా, విశాఖకు ఒక స్థానిక ఖాతా, ఆరు శాఖల వాట్సాప్ నంబర్లు, కొరియర్ ఆర్డర్లకు మరో నంబరు ఉంటాయి. కూకట్‌పల్లి శాఖ రేపు పెళ్లి ఆర్డర్ల కోసం విడి హాలు తెరిస్తే లెక్క మళ్లీ వేసుకోవాలి.

## ఖాతా ఎవరిది

ఎన్ని ఖాతాలున్నా అవన్నీ వ్యాపారం చేతిలో ఉండాలి. శాఖలో పనిచేసే ఒకరు తన సొంత ఫోన్ నంబరుతో, సొంత జీమెయిల్‌తో ఖాతా తెరవడం చాలాచోట్ల జరుగుతుంది. ఆ మనిషి ఉద్యోగం మానేస్తే ఖాతా కూడా వెళ్లిపోతుంది. పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడు వచ్చే కోడ్ కూడా ఆ ఫోన్‌కే వస్తుంది.

దీనికి విరుగుడు పాస్‌వర్డ్ పంచుకోకుండా అనుమతులు ఇవ్వడం. ఫేస్‌బుక్ పేజీలు, ఇన్‌స్టాగ్రామ్ వృత్తి ఖాతాలను మెటా బిజినెస్ సూట్‌లో సంస్థ పేరు మీద చేర్చి, పూర్తి నియంత్రణ ప్రధాన కార్యాలయంలో ఇద్దరి దగ్గర ఉంచాలి. శాఖవారికి పోస్టు చేయడం, మెసేజ్‌లకు బదులివ్వడం వంటి పనుల వరకే అనుమతి ఇవ్వాలి. గూగుల్ ప్రొఫైల్‌లో ఓనర్, మేనేజర్ అనే హోదాలు వేరు. యజమాని ఓనర్‌గా, శాఖ బాధ్యుడు మేనేజర్‌గా ఉండాలి. కొత్తగా ఓనర్‌గా చేరినవారు ఏడు రోజుల వరకు కొన్ని పనులు చేయలేరు. అందుకని శాఖ అమ్మకానికో, బాధ్యుల మార్పుకో ముందే ఈ మార్పు మొదలుపెట్టాలి.

ఫ్రాంచైజీ ఒప్పందంలో ఖాతాకు ఒక ప్రత్యేక షరతు రాసుకోవాలి. బ్రాండు పేరుతో తెరిచిన ఖాతా ఎవరి ఆస్తి, ఒప్పందం ముగిస్తే ఎన్ని రోజుల్లో అప్పగించాలి, అప్పటిదాకా పేరు ఎవరు వాడాలి అన్నవి అందులో ఉండాలి. తగవు వచ్చిన తర్వాత అడిగితే వేదికలు సులువుగా తేల్చవు.

## ఎంపిక తప్పిందనడానికి గుర్తులు

స్థానిక ఖాతాలు అవసరానికి మించి ఉన్నాయని చెప్పే గుర్తు పోలిక. పక్కపక్కన తెరిచి చూస్తే పోస్టులన్నీ ఒకేలా ఉంటాయి, ప్రతిదాని కిందా లైకు కొట్టేది ఆ శాఖ సిబ్బందే. రెండో గుర్తు ధరల తేడా. ఒక శాఖ పాత ధర ఉన్న పోస్టర్‌ను తీయకుండా వదిలేస్తుంది. ఆ ధర పట్టుకుని మరో శాఖకు వచ్చిన మనిషితో కౌంటర్‌లో వాదన జరుగుతుంది. మూడోది, ఒక శాఖ మీద ఫిర్యాదు మరో శాఖ ఖాతాలోకి వచ్చి, అక్కడ ఎవరూ పట్టించుకోకపోవడం.

కేంద్ర ఖాతా ఒక్కటే సరిపోవడం లేదనడానికి కామెంట్లే సాక్ష్యం. ‘ఇది మా ఊళ్లో దొరుకుతుందా’ అన్న ప్రశ్న ప్రతి పోస్టు కిందా వస్తుంటే పోస్టులో శాఖల పేర్లు రాయడం లేదని అర్థం. ముందు దాన్ని సరిదిద్దాలి. ఆ తర్వాత కూడా ఒకే ఊరినుంచి ప్రశ్నలు పోటెత్తుతుంటే, వాటికి బదులు ఆ శాఖ మాత్రమే చెప్పగలిగితే, అక్కడ స్థానిక ఖాతా తెరవవచ్చు.

## కలపడం, మూసివేయడం

ఎక్కువ ఖాతాలను తగ్గించేటప్పుడు ప్రతి వేదికకూ దాని పరిమితులు ఉన్నాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో రెండు ఖాతాలను ఒకటిగా కలిపే వీలు లేదు. మూసేయబోయే ఖాతాలో కేంద్ర ఖాతా పేరు చెప్పి, కొన్ని వారాలు ఆ పోస్టును పైన పిన్ చేసి ఉంచి, అనుసరించేవారిని అక్కడికి రమ్మని కోరడం ఒక్కటే దారి. ఆ ఖాతాను వెంటనే తొలగించకుండా, పేరు వేరొకరి చేతికి పోకుండా కొంతకాలం అట్టిపెట్టడం మంచిది.

ఫేస్‌బుక్‌లో పేర్లు దాదాపు ఒకటైన, ఒకే సంస్థకు చెందిన పేజీలను కలపవచ్చు. అయితే కలిసేది అనుసరించేవారు, చెక్‌ఇన్‌లు మాత్రమే. కలిపేసిన పేజీలోని పోస్టులు, ఫొటోలు, రివ్యూలు, యూజర్‌నేమ్ పోతాయి, ఆ పని వెనక్కి తీసుకోవడం కుదరదు. కాబట్టి మంచి ఫొటోలను, రివ్యూలను ముందే దాచుకోవాలి.

గూగుల్ ప్రొఫైళ్ల విషయంలో ఖాతాలు తగ్గించాలన్న ఆలోచనే వర్తించదు. శాఖ నడుస్తున్నంత కాలం దాని ప్రొఫైల్ ఉండాలి. శాఖను పూర్తిగా మూసేస్తే ప్రొఫైల్‌లో శాశ్వతంగా మూసివేసినట్టు గుర్తించాలి. వేరే వీధికి మారితే కొత్తది తెరవకుండా ఉన్నదాని చిరునామా మార్చాలి. పాతదాన్ని అలాగే వదిలేసి కొత్తది తెరిస్తే రివ్యూలు రెండుగా చీలిపోతాయి, కొంతమంది ఇంకా పాత చిరునామాకే వెళ్తుంటారు.